ఆ రెండేళ్లు రెజ్యూమెలో ఎక్కడ రాయాలి?

2025 ఆగస్టు మొదటి వారంలో మా పిన్ని కూతురు విజయవాడ నుంచి తన రెజ్యూమె పంపింది. "అక్కా, ఒకసారి చూసి పెట్టు. ఆ గ్యాప్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది" అని కింద రాసింది. పన్నెండేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసినదాన్ని. ఆ చెయ్యి ఎందుకు ఆగుతుందో నాకు తెలుసు.

ఆమె పంపింది ఒకటి కాదు, రెండు రెజ్యూమెలు. మొదటిదాంట్లో గ్యాప్ గురించి ఐదు వరుసలు ఉన్నాయి. కాన్పు, ఆపరేషను, పాపను చూసుకుంటానన్న అమ్మకే పక్షవాతం రావడం, ఏడాదిపాటు ఫిజియోథెరపీ, చివర్లో "ఇప్పుడు పూర్తి అంకితభావంతో పనిచేయగలను" అన్న మాట. రెండోదాంట్లో గ్యాపే లేదు. పాత కంపెనీలో ఇప్పటికీ పనిచేస్తున్నట్టు "ఇప్పటివరకు" అని రాసేసింది. "స్నేహితురాలు అలా పెట్టమంది, అందరూ ఇలాగే చేస్తారట" అంది.

రెండూ పనికిరావు. కానీ కారణాలు వేరు. రెండోది ఎందుకు ప్రమాదమో చెప్పడం తేలిక, దాని సంగతి తర్వాత చూద్దాం. మొదటిది నిజాయితీగా రాసినదే అయినా ఎందుకు దెబ్బతీస్తుందో అర్థం కావాలంటే కాస్త నింపాదిగా మాట్లాడుకోవాలి.

ముందు ఆ ఖాళీ ఎంతో కొలిచాం. ఆమె దాన్ని 2023 జనవరి నుంచి లెక్కపెట్టింది. ఎందుకంటే ఆ నెల మొదట్లోనే ఆఫీసుకు వెళ్లడం మానేసింది. అది ఉద్యోగం మానడం కాదు, ప్రసూతి సెలవు. 2017లో చట్టాన్ని సవరించాక మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. ఆ సెలవులో ఉన్న మనిషి ఉద్యోగి కిందే లెక్క. ఆమె సెలవు జూలై మొదట్లో ముగిసింది. అమ్మకు పక్షవాతం వచ్చింది జూన్ చివర్లో. నెల రోజులు నోటీసు పీరియడ్ చేసి 2023 జూలై 31న రిలీవ్ అయింది. రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీ అదే. అంటే ఖాళీ రెండున్నరేళ్లు కాదు, సరిగ్గా రెండేళ్లు. ఆడపిల్లలు చాలామంది ఈ ఆరు నెలలను తమ మీద తామే వేసుకుంటారు. ఉద్యోగ కాలం ముగిసేది మనం ఇంట్లో కూర్చున్న రోజున కాదు, రిలీవింగ్ లెటర్ చెప్పిన రోజున.

ఇక ఆ ఐదు వరుసల సంగతి. కేథరిన్ వైస్‌హార్ అనే అమెరికా సమాజశాస్త్రవేత్త 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. అర్హతలు ఒకేలా ఉన్న కల్పిత రెజ్యూమెలను నిజం ఉద్యోగ ప్రకటనలకు పంపి, ఎవరికి పిలుపులు వస్తాయో చూశారు. ప్రస్తుతం ఉద్యోగంలో ఉన్న తల్లుల్లో నూటికి పదిహేను మందికి పిలుపు వచ్చింది. ఉద్యోగం పోయి ఖాళీగా ఉన్న తల్లులకు పది మందికి. పిల్లల కోసం మానేశామని రాసిన తల్లులకు అయిదుగురికే. ఖాళీ అంతే, కారణం మాత్రమే వేరు. తండ్రుల విషయంలోనూ ఇంచుమించు ఇదే మెట్ల వరుస కనిపించింది.

అది అమెరికా లెక్క, మన దగ్గర అంకెలు వేరుగా ఉండొచ్చు. కానీ ఆ మెట్ల వరుసలో ఉన్న అర్థం మాత్రం నేను కూర్చున్న ఇంటర్వ్యూ గదుల్లో నాకు తెలిసినదే. ఉద్యోగం పోయినవాడూ రెండేళ్లు పనికి దూరంగానే ఉన్నాడు, పని మరచిపోయే అవకాశం అతనికీ ఉంది. అయినా అతనికి రెట్టింపు పిలుపులు వచ్చాయి. అంటే చదివేవాళ్లు శంకిస్తున్నది మన నైపుణ్యాన్ని కాదు. "ఈమె మనసు ఇంటిమీదే ఉంటుందేమో, మళ్లీ మానేస్తుందేమో" అన్నదే వాళ్ల అనుమానం. అన్యాయమైన అనుమానమే. ఆ అన్యాయం గురించి నాకు కోపం ఉంది, ఆ గదుల్లో దాని మీద వాదించాను కూడా. అయినా మా చెల్లి రెజ్యూమె ఆ గదిలోకే వెళ్తుంది కాబట్టి అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకునే రాయాలి.

ఇప్పుడు ఆమె ఐదు వరుసలను ఆ అనుమానంతో చదివి చూడండి. కాన్పు, ఆపరేషను, అమ్మ, ఫిజియోథెరపీ. ప్రతి వరుసా చదివేవాడి చూపును ఇంటివైపే తిప్పుతోంది. "ముగిసింది" అన్న మాట ఎక్కడా లేదు. అంకితభావం అన్న మాట ఉంది కానీ, దాన్ని రుజువు చేసే పని ఒక్కటీ లేదు. సానుభూతి వస్తుందని రాసింది. రెజ్యూమెను మొదటిసారి చూసేవాళ్లు నిమిషం కూడా వెచ్చించరు, ఆ కాస్త సమయంలో సానుభూతి పుట్టదు, సందేహం పుడుతుంది.

ఆ చోట వాళ్లకు కావాల్సినవి మూడే సంగతులు. ఎంతకాలం? అయిపోయిందా? చేతిలో పని ఇంకా ఉందా? మేమిద్దరం కూర్చుని ఆ ఐదు వరుసలను ఇలా మార్చాం. రెజ్యూమె ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, అర్థం తెలుగులో ఇస్తున్నాను.

"కెరీర్ బ్రేక్ – కుటుంబ సంరక్షణ. ఆగస్టు 2023 – జూలై 2025. బాధ్యత పూర్తయింది, పూర్తికాల ఉద్యోగానికి సిద్ధం."

ఉద్యోగాల వరుసలోనే, పాత కంపెనీ పైన, మిగతా ఉద్యోగాలకు వాడిన అక్షరాల సైజులోనే పెట్టాం. చివర్లో చిన్న అక్షరాలతో దాచలేదు. లింక్డ్‌ఇన్ 2022 నుంచి ప్రొఫైల్‌లోనే కెరీర్ బ్రేక్‌ను ఒక ఉద్యోగంలాగా నమోదు చేసే వీలు ఇచ్చింది. పిల్లల పెంపకం, సంరక్షణ లాంటి కారణాలు అందులో ఎంచుకోవచ్చు. అందువల్ల రిక్రూటర్లకు ఈ మాట కొత్తేమీ కాదు. అక్కడి తేదీలూ రెజ్యూమె తేదీలూ ఒకటే ఉండేలా చూసుకోవాలి, అంతే.

"పాప గురించి రాయకపోతే దాచినట్టు కాదా అక్కా?" అని అడిగింది. కాదు. పాపను చూసుకోవడమూ, అమ్మను చూసుకోవడమూ రెండూ కుటుంబ సంరక్షణే. ఆ మాట పూర్తిగా నిజం. అమ్మ జబ్బు పేరు, ఆసుపత్రి పేరు, మందుల పేర్లు అమ్మ సొంత విషయాలు. వాటిని పదిమంది ముందు పెట్టే హక్కు కూతురికి కూడా లేదని నేను నమ్ముతాను. "వ్యక్తిగత కారణాలు" అని రాస్తే మాత్రం నప్పదు. ఆ మాట వెనక ఏదైనా ఉండొచ్చు. చదివేవాడు అన్నిటికంటే చెడ్డదాన్నే ఊహించుకుంటాడు. రెండు పదాల్లో అసలు కారణం చెప్తే ఆ ఊహ ఆగిపోతుంది.

తేదీల విషయంలో ఇంకో మంచి పరిశోధన ఉంది. అరియెల్లా క్రిస్టల్, ఆమె సహచరులు బ్రిటన్‌లో 9,022 దరఖాస్తులతో చేసి 2023లో ప్రచురించారు. ఉద్యోగాల పక్కన "ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు" అని కాకుండా "ఆరేళ్లు" అని కాలాన్ని రాసినప్పుడు, గ్యాప్ కనిపించే రెజ్యూమెల కంటే 15 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. గ్యాప్ లేని మామూలు రెజ్యూమెలతో పోల్చినా 8 శాతం ఎక్కువే. చదివేవాడి కన్ను ఖాళీ మీద కాకుండా అనుభవం మీద పడటమే దానికి కారణంగా తోస్తుంది.

మన దగ్గర దీన్ని ఉన్నదున్నట్టు పాటించలేం. జాబ్ పోర్టల్ ఫారాల్లో నెల, సంవత్సరం వేయకపోతే తరచూ ముందుకే పోనివ్వదు. తేదీలు లేని రెజ్యూమె చూస్తే మన హెచ్‌ఆర్‌లు ఏదో దాస్తున్నారనుకుంటారు, నేనూ అలా అనుకున్నదాన్నే. అందుకని సగం తీసుకున్నాం. పేరు కింద మొదటి వరుసలోనే "ఆరేళ్ల అనుభవం: ఎలక్ట్రికల్ సామాన్ల డిస్ట్రిబ్యూటర్ దగ్గర జీఎస్టీ, టీడీఎస్ రిటర్నులు, బ్యాంకు రికన్సిలియేషన్, టాలీ" అని పెట్టాం. దాని కింద ఎప్పటిలాగే తేదీలు. ఆరు అన్న అంకె ముందు కంటబడుతుంది, రెండు అన్నది తర్వాత.

ఇంతవరకు చేసింది మొదటి రెండు ప్రశ్నలకు జవాబు. మూడోదే అసలైనది. చేతిలో పని ఇంకా ఉందా?

అకౌంట్స్ రంగంలో రెండేళ్లు చిన్న కాలం కాదు. మా చెల్లి 2017 ఆగస్టులో, జీఎస్టీ వచ్చిన మరుసటి నెలలో ఉద్యోగంలో చేరింది. కొత్త పన్నుతో పాటే పని నేర్చుకుంది. వాళ్ల కంపెనీ టర్నోవర్ ఎనిమిది కోట్లు. ఆమె జూలై 31న మానేసింది. సరిగ్గా మరునాడు, 2023 ఆగస్టు 1 నుంచి అయిదు కోట్లు దాటిన వ్యాపారాలన్నిటికీ ఇ-ఇన్వాయిస్ తప్పనిసరి అయింది. అంతకుముందు ఆ హద్దు పది కోట్లు. అంటే తను వదిలొచ్చిన కుర్చీలో కూర్చున్న మనిషి మొదటి రోజు నుంచీ చేసిన పనిని ఈమె ఒక్కసారి కూడా చేయలేదు. తర్వాత 2024 అక్టోబరులో జీఎస్టీ పోర్టల్‌లో ఇన్వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వచ్చింది, ఐఎంఎస్ అంటారు. సరఫరాదారు ఎక్కించిన ప్రతి బిల్లునూ కొనుగోలుదారు అక్కడ చూసి అంగీకరించాలి, తిరస్కరించాలి, లేదా పెండింగ్‌లో ఉంచాలి. ఏమీ చేయకపోతే అంగీకరించినట్టే లెక్క. ఆ తర్వాతే ప్రతి నెలా 14న తయారయ్యే 2బీ స్టేట్‌మెంట్‌లోకి పన్ను క్రెడిట్ వస్తుంది.

"ఇవేవీ నాకు రావుగా" అంది దిగులుగా. ఒకటి వచ్చని నేనే గుర్తు చేయాల్సి వచ్చింది. వాళ్ల మేనమామకు ఊళ్లో మెడికల్ షాపు ఉంది. ఆ ఏడాది మార్చి నుంచి దాని జీఎస్టీ రిటర్నులు ఈమే చేస్తోంది. పాప నిద్రపోయాక రాత్రిళ్లు. నెలకు నూట యాభై దాకా కొనుగోలు బిల్లులు. ఒక నెల ఎవరిదో వేరే షాపు బిల్లు పొరపాటున వీళ్ల జీఎస్టీ నంబరు మీద ఎక్కితే, ఐఎంఎస్‌లో దాన్ని తిరస్కరించింది. హోల్‌సేలరుకు ఫోన్ చేసి వాళ్ల వైపు సరిచేయించింది కూడా. జీతం తీసుకోలేదు కాబట్టి అది పని కాదనుకుంది!

జీతం లేకపోయినా చేసిన పని పనే. ఏమని రాస్తామన్నదే జాగ్రత్తగా చూసుకోవాలి. "మెడికల్ షాపు అకౌంట్స్ మేనేజర్" అని రాస్తే అది అబద్ధం. అలాంటి హోదాకు జీతం స్లిప్పులేవని అడుగుతారు. కెరీర్ బ్రేక్ కిందే ఇంకో వరుసగా పెట్టాం: "మార్చి 2025 నుంచి: బంధువుల మెడికల్ షాపుకు జీతం లేకుండా నెలవారీ జీఎస్టీఆర్-1, 3బీ దాఖలు, ఐఎంఎస్‌లో నెలకు సుమారు 150 బిల్లుల పరిశీలన." బంధువులదని, జీతం లేదని మనమే చెప్పేశాక ఇక ఎవరూ తవ్వి తీసేదేమీ ఉండదు. నెలలూ, బిల్లుల సంఖ్యా ఉన్నాయి కాబట్టి చదివేవాడికి అది నమ్మదగ్గ మాటగా కనిపిస్తుంది. ఇలాంటి పని చేతిలో లేనివాళ్లు ఏదో ఒక కోర్సు సర్టిఫికెట్ కొని అతికిస్తుంటారు. దానికంటే తాము దూరంగా ఉన్నప్పుడు తమ రంగంలో మారినవేమిటో రెండు మూడు తెలుసుకుని, వాటిలో ఒకటైనా చేత్తో చేసి చూడటం మేలు. నేను ఇంటర్వ్యూ చేసినవాళ్లలో మారినదాని పేరు చెప్పగలిగినవాళ్లే నాకు గుర్తుండిపోయారు.

ఇప్పుడు ఆ రెండో రెజ్యూమె దగ్గరికి వద్దాం, "ఇప్పటివరకు" అని రాసినదాని దగ్గరికి. ఒకప్పుడు అలాంటివి చెల్లాయేమో, ఇప్పుడు పీఎఫ్ చెల్లనివ్వదు. 2014 నుంచి ప్రతి పీఎఫ్ సభ్యుడికీ యూఏఎన్ అని ఒకే నంబరు ఉంది, కంపెనీలు మారినా అదే కొనసాగుతుంది. కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు ఫారం 11లో ఆ నంబరు ఇవ్వాలి. ఆఫర్ ఇచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసే ఏజెన్సీ సర్వీస్ హిస్టరీ చూస్తుంది. ఏ నెల నుంచి ఏ నెల దాకా జమ పడిందో పాస్‌బుక్‌లో వరుసగా ఉంటుంది. రెండేళ్లు జమ లేకుండా "ఇప్పటివరకు" అని ఉంటే తేలడానికి అయిదు నిమిషాలు చాలు. డబ్బు తీసుకుని అనుభవ పత్రాలు ఇచ్చేవాళ్లను నమ్మినా ఇదే గతి. ఆ పత్రం వెనక పీఎఫ్ ఉండదు, టీడీఎస్ ఉండదు, బ్యాంకులో జీతం పడిన జాడ ఉండదు. రెండేళ్ల గ్యాప్‌ను కంపెనీలు క్షమిస్తాయి. దిద్దిన తేదీని క్షమించవు, చేరిన ఆరు నెలలకు బయటపడినా తీసేస్తాయి. అలా తీసేయమని కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చిన రోజులు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటాయి. వాళ్లలో ఎక్కువమంది పని బాగా చేసేవాళ్లే.

నిజం రాసినవాళ్లకు కూడా పీఎఫ్‌లో ఒక చిక్కు ఉంటుంది. దాన్ని ముందే చూసుకోవాలి. చెల్లిని తన సర్వీస్ హిస్టరీ తెరిచి చూడమన్నాను. చేరిన తేదీ ఉంది, మానేసిన తేదీ గడి ఖాళీ! పాత కంపెనీవాళ్లు వేయలేదు. అది ఖాళీగా ఉంటే రికార్డు ప్రకారం ఆమె ఇంకా అక్కడే ఉద్యోగి. రెజ్యూమెలో 2023 జూలై అని, పీఎఫ్‌లో ఇంకా కొనసాగుతున్నట్టు ఉంటే వెరిఫికేషన్‌లో పేచీ మొదలవుతుంది. కొత్త కంపెనీ జమ మొదలెట్టాక రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు కూడా కనిపిస్తుంది.

దీనికి పాత కంపెనీ చుట్టూ తిరగనక్కర్లేదు. చివరి జమ పడి రెండు నెలలు దాటితే సభ్యులే పోర్టల్‌లో ఆ తేదీ వేసుకోవచ్చు. లాగిన్ అయ్యాక `Manage` కింద `Mark Exit` అని ఉంటుంది. పాత కంపెనీని ఎంచుకుని, తేదీ, కారణం ఇచ్చి, ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొట్టాలి. చివరి జమ ఏ నెలదో తేదీ ఆ నెలలోనే ఉండాలి. ఒకసారి వేశాక మార్చుకోవడం కష్టం కాబట్టి రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని అందులో ఉన్న తేదీనే వేయాలి. చెల్లి 31-07-2023 వేసింది. ఆ రోజు నుంచి రెజ్యూమె, రిలీవింగ్ లెటర్, లింక్డ్‌ఇన్, పీఎఫ్ నాలుగూ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాయి.

మిగిలింది ఇంటర్వ్యూ. గ్యాప్ గురించి అడిగితే మూడు వాక్యాలు దాటకూడదని పందెం వేసుకుని ఫోన్లో ఎన్నోసార్లు చెప్పించాను. మొదట్లో ఆమె ఆగేది కాదు. అమ్మ మంచంలో ఉన్న రోజులు చెప్తూ గొంతు బొంగురుపోయేది. అదీ సహజమే, ఆ రెండేళ్లు ఆమెకు ఊరికే గడవలేదు. కానీ ఆ కథ వినాల్సినవాళ్లు మేము, ఇంటర్వ్యూ చేసేవాళ్లు కాదు. చివరికి ఇలా కుదిరింది: "పాప పుట్టిన కొద్ది నెలలకే అమ్మకు ఆరోగ్యం బాగా దెబ్బతింది, చూసుకోవడానికి నేనే ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు అమ్మ కోలుకుని నడుస్తున్నారు, పాప జూన్ నుంచి ప్లే స్కూలుకి వెళ్తోంది. మార్చి నుంచి మళ్లీ జీఎస్టీ పని చేస్తున్నానండి, ఐఎంఎస్ కూడా దాంట్లోనే నేర్చుకున్నాను." మూడో వాక్యం తప్పకుండా పని మీదే ముగియాలి. అవతలివాళ్లు తర్వాతి ప్రశ్న ఎక్కువగా మన చివరి మాట నుంచే అందుకుంటారు.

"మళ్లీ అలాంటి అవసరం వస్తే?" అన్నది కూడా వస్తుంది. "రాదు" అని మాట ఇవ్వకూడదు, అది ఎవరి చేతిలోనూ లేదు, అడిగినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఇప్పుడున్న ఏర్పాటు చెప్పాలి. వాళ్లింట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఆయా ఉంటుంది, తమ్ముడు అదే వీధిలోకి మారాడు. "రోజువారీ పనికి ఇబ్బంది లేకుండా ఈ ఏర్పాటు చేసుకున్నామండి" అంటే చాలు. జీతం అడిగితే 2023 జూలైలో తీసుకున్న ఆఖరి జీతం, ఆ నెల పేరుతో సహా చెప్పాలి.

పెద్ద కంపెనీల్లో అయితే విరామం తర్వాత వచ్చేవాళ్ల కోసమే దారులు ఉన్నాయి. టాటా గ్రూపు 2008లోనే సెకండ్ కెరీర్స్ పేరుతో మొదలుపెట్టింది, తర్వాత ఐటీ కంపెనీలూ తెరిచాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నవాళ్లు ఆ ప్రకటనలు వెతుక్కోవచ్చు. విజయవాడలో డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో అకౌంట్స్ చూసే మనిషికి అవి అందవు. ఆమెకు దిక్కు ఈ ఒక్క పేజీ కాగితమే.

ఆ కాగితం పదకొండు చోట్లకు పంపింది. ఏడు చోట్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒకచోట ఫోన్లోనే "గ్యాప్ ఉన్నవాళ్లను తీసుకోం" అని పెట్టేశారు. ఎంత బాగా రాసినా అలాంటివాళ్లు ఉంటారు, వాళ్లకు సరిపోయేలా ఏ రెజ్యూమె రాయలేం. మూడు చోట్ల ఇంటర్వ్యూకి పిలిచారు. రెండోది పైపుల వ్యాపారం చేసే ఒక హోల్‌సేల్ ఆఫీసు. అక్కడి నుంచి బయటికి రాగానే ఆటోలోంచే ఫోన్ చేసింది.

"ఏమడిగారే?"

"గ్యాప్ గురించి ఒక్క ప్రశ్నే అక్కా. ఆ తర్వాత అరగంట ఐఎంఎస్ గురించే. వాళ్ల అకౌంటెంటు ఏ బిల్లూ చూడకుండా వదిలేస్తున్నాడట, అన్నీ అంగీకరించినట్టు పడిపోయాయట. ఎలా సరిచేయాలని నన్నే అడిగారు. ఇ-ఇన్వాయిస్ తీశావా అన్నారు, చదివి తెలుసుకున్నాను కానీ చేత్తో ఇంకా తీయలేదండీ అని చెప్పేశాను. పర్లేదు, మొదటి వారం పాతాయన చూపిస్తాడన్నారు."

"మరి కాగితాలు?"

"రిలీవింగ్ లెటరూ, యూఏఎన్ నంబరూ రేపే పంపమన్నారు."